పక్కనున్న గంధకం, హాలోజన్ల లోన్ పెయిర్ వల్ల విన్యాసం నిలిచే ప్రతిక్షేపణ: తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో డిగ్రీ, ఎమ్మెస్సీ విద్యార్థులకు ఆర్గానిక్ కెమిస్ట్రీ చెబుతున్న నన్ను ప్రతి ఏడూ ఈ ఒక్క పాఠం దగ్గర అవే ప్రశ్నలు అడుగుతుంటారు. జనగామ నుంచి వచ్చినవారైనా, ములుగు నుంచి వచ్చినవారైనా, అందరూ ఆగిపోయే చోటు దాదాపు ఒకటే. అందుకే ఆ ప్రశ్నలను, నేను సాధారణంగా చెప్పే జవాబులను ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. ఆర్, ఎస్ గుర్తులు పెట్టడం, ఫిషర్ చిత్రాన్ని చదవడం వస్తే చాలు, మిగతాదంతా ఇక్కడే తెలుస్తుంది.

న్యూక్లియోఫైల్ వెనక వైపు నుంచి వస్తే విన్యాసం తిరగబడుతుందని చెప్పారు కదా, మరి ఇక్కడ విన్యాసం ఎలా నిలుస్తుంది?

వెనక వైపు దాడి జరిగిన ప్రతిసారీ ఆ కార్బన్ విన్యాసం తిరగబడుతుందన్న నియమం ఇక్కడ కూడా ఏమాత్రం తప్పదు. తేడా అల్లా, ఆ దాడి ఒకసారి కాక రెండుసార్లు జరగడమే. మొదట, పక్క కార్బన్ మీదున్న గంధకం లేదా బ్రోమిన్ తన లోన్ పెయిర్‌తో, వెళ్ళిపోయే గ్రూపుకు సరిగ్గా వెనక వైపు నుంచి చర్యాకేంద్రాన్ని అందుకుంటుంది. దాంతో మూడు పరమాణువుల చిన్న వలయం ఏర్పడుతుంది, కార్బన్ విన్యాసం ఒకసారి తిరగబడుతుంది. ఆ తరువాత బయటి న్యూక్లియోఫైల్, వలయంలోని ఆ బంధానికి వెనక వైపు నుంచి, అంటే మొదట గ్రూపు వెళ్ళిపోయిన దిక్కు నుంచే వచ్చి బంధాన్ని తెంచుతుంది, విన్యాసం రెండోసారి తిరగబడుతుంది. రెండుసార్లు తిరగబడ్డ కార్బన్ మొదటి విన్యాసానికే వస్తుంది కనుక, తుది ఫలితాన్ని మాత్రమే చూసేవారికి విన్యాసం మారలేదనిపిస్తుంది. దీనినే రిటెన్షన్ అంటాం.

అసలు ఇది నిజంగా జరుగుతోందని ఎవరు, ఎలా చూపించారు?

ఈ పాఠం మొత్తంలో విద్యార్థి పూర్తిగా అర్థం చేసుకోవలసిన ప్రయోగం ఒకటుందంటే, అది 1939లో సాల్ వింస్టైన్, హోవర్డ్ లూకాస్ ప్రచురించిన 3-బ్రోమో-2-బ్యూటనాల్ ప్రయోగమే. దానికి రెండేళ్ళ ముందు, 1937లో, రాబర్ట్స్, కింబల్ అనే ఇద్దరు, ఆల్కీన్‌కు బ్రోమిన్ చేరే చర్యలో మధ్యలో మూడు భుజాల బ్రోమోనియం అయాన్ ఉండవచ్చని ప్రతిపాదించారు. వింస్టైన్, లూకాస్ అదే అయాన్‌ను పూర్తిగా వేరే దారి నుంచి, ప్రతిక్షేపణ చర్య వైపు నుంచి చేరుకున్నారు.

ఆ అణువులో నాలుగు కార్బన్ల గొలుసు ఉంటుంది. రెండో కార్బన్ మీద OH, మూడో కార్బన్ మీద Br ఉంటాయి. ఆ రెండూ కైరల్ కార్బన్లే. గొలుసును నిలువుగా గీసిన ఫిషర్ చిత్రంలో OH, Br ఒకే వైపు ఉంటే దానిని ఎరిథ్రో అని, చెరో వైపు ఉంటే థ్రియో అని అంటాం. ఇప్పుడు దీనికి గాఢ HBr కలిపితే OH స్థానంలో Br చేరి, 2,3-డైబ్రోమోబ్యూటేన్ వస్తుంది. ఈ డైబ్రోమైడ్‌కు రెండు రూపాలున్నాయి: రెండు బ్రోమిన్లూ ఫిషర్ చిత్రంలో ఒకే వైపు ఉండే మీసో రూపం, చెరో వైపు ఉండే డీఎల్ రూపం.

ఇక్కడ కాసేపు ఆగి, ఏ దారిలో ఏది రావాలో ముందే లెక్క వేసుకోవాలి. OH ప్రోటాన్‌ను తీసుకొని నీరుగా వెళ్ళిపోతుండగా బయటి బ్రోమైడ్ అయాన్ నేరుగా వెనక నుంచి వచ్చి చేరితే, రెండో కార్బన్ ఒక్కసారే తిరగబడుతుంది. అప్పుడు ఎరిథ్రో నుంచి డీఎల్, థ్రియో నుంచి మీసో రావాలి. అలా కాక నీరు ముందే పూర్తిగా వెళ్ళిపోయి, చదునైన సాధారణ కార్బోకాటయాన్ ఏర్పడితే, ఏ రూపంతో మొదలుపెట్టినా రెండింటి మిశ్రమమే రావాలి. ప్రయోగంలో వచ్చింది ఈ రెండూ కాదు. ఎరిథ్రో నుంచి మీసో మాత్రమే వచ్చింది, థ్రియో నుంచి డీఎల్ మాత్రమే వచ్చింది. రెండు చోట్లా విన్యాసం నిలిచింది.

థ్రియో రూపాన్ని ఒకే ఎనాన్షియోమర్‌గా తీసుకుంటే, ఉత్పన్నానికి ధ్రువణ భ్రమణం లేకుండా పోయిందట. అయినా రిటెన్షన్ అనడం ఎలా సరైనది?

ఈ పాఠంలో బలమైన సాక్ష్యం ఇదే, అయోమయమూ దీని దగ్గరే మొదలవుతుంది. కనుక దీనికి కొంచెం ఎక్కువ చోటిస్తాను.

థ్రియో రూపంలో ఒక ఎనాన్షియోమర్‌ను, అంటే (2R,3R) రూపాన్ని తీసుకుందాం. మూడో కార్బన్ మీదున్న బ్రోమిన్ లోన్ పెయిర్, రెండో కార్బన్‌ను నీటి అణువుకు వెనక వైపు నుంచి అందుకోగానే రెండో కార్బన్ తిరగబడుతుంది. ఇప్పుడు బ్రోమిన్ రెండు కార్బన్లకూ ఒకేలా అంటుకొని ఉంది, మిథైల్ గ్రూపులు రెండూ వలయానికి ఒకే ముఖం వైపు ఉన్నాయి. ఈ బ్రోమోనియం అయాన్‌ను మధ్యగా చీలిస్తే ఎడమ సగం, కుడి సగానికి అద్దంలో ప్రతిబింబం. కనుక ఇది కైరల్ కాదు. ఒకప్పుడు OH ఏ కార్బన్ మీద ఉండేదో, Br ఏ కార్బన్ మీద ఉండేదో ఈ అయాన్‌కు ఇక గుర్తుండదు.

బయటి బ్రోమైడ్ దీని రెండు కార్బన్లలో ఏ ఒక్కదాన్నైనా సమాన అవకాశంతో అందుకోవచ్చు. రెండో కార్బన్‌ను అందుకుంటే ఆ కార్బన్ రెండోసారి తిరగబడి మొదటి విన్యాసానికి వస్తుంది, మూడోదాన్ని ఎవరూ ముట్టుకోలేదు కనుక ఉత్పన్నం (2R,3R). మూడో కార్బన్‌ను అందుకుంటే, మూడోది ఒకసారి తిరగబడి S అవుతుంది. రెండోది వలయం ఏర్పడ్డప్పుడే ఒకసారి తిరగబడి అలాగే మిగిలిపోయింది కనుక అదీ S. ఉత్పన్నం (2S,3S). రెండూ సమాన పరిమాణాల్లో రావడంతో మిశ్రమం రేసిమిక్ అవుతుంది, ధ్రువణ భ్రమణం సున్నాకు పడిపోతుంది.

ఈ లెక్కలో విద్యార్థులు చేసే ఒక పొరపాటును చాలాసార్లు చూశాను. మూడో కార్బన్ మీద దాడిని గీసేటప్పుడు ఆ కార్బన్‌ను మాత్రం తిప్పి, రెండో కార్బన్‌ను మొదటి R గానే ఉంచేస్తారు. అలా చేస్తే (2R,3S), అంటే మీసో వస్తుంది, దాంతో ప్రయోగ ఫలితమే తప్పేమోనన్న సందేహం పుడుతుంది. మొదటి అడుగులోనే రెండో కార్బన్ తిరగబడిందన్నది మరచిపోవడమే ఇక్కడి తప్పు. OH, Br రెండింటికీ ఆ కార్బన్ మీద మొదటి ప్రాధాన్యమే కనుక, ఈ అణువులో విన్యాసం నిలిస్తే R గుర్తు R గానే ఉంటుంది, తిరగబడితేనే S అవుతుంది. వేరే అణువుల్లో గ్రూపుల ప్రాధాన్య క్రమం మారవచ్చు కాబట్టి, గుర్తులను కాక బొమ్మను నమ్మాలి.

ఇక ప్రశ్నకు జవాబు. రెండు బ్రోమిన్లు ఒకదానికొకటి ఎలా ఉన్నాయన్న సంగతిలో, అంటే థ్రియో నుంచి డీఎల్ మాత్రమే రావడంలో, విన్యాసం పూర్తిగా నిలిచింది. ఏ ఎనాన్షియోమర్ అన్న సంగతిలో మాత్రం రేసిమీకరణం జరిగింది. బ్రోమిన్ తన స్థానంలోనే కదలకుండా ఉండిపోయి, బయటి బ్రోమైడ్ మాత్రమే ఏదో విధంగా ముందు వైపు నుంచి చేరి ఉంటే, డీఎల్ వస్తుంది కానీ ధ్రువణ భ్రమణం పోయేది కాదు. భ్రమణం పోవడమే బ్రోమిన్ రెండు కార్బన్ల మధ్య వంతెనగా నిలిచిందనడానికి రుజువు.

ఎరిథ్రోలో ఈ చిక్కు ఎందుకు రాదు?

ఎరిథ్రో నుంచి వచ్చే బ్రోమోనియంలో మిథైల్ గ్రూపులు వలయానికి చెరో ముఖం వైపు ఉంటాయి. అది కైరల్ అయానే. అయినా ఏ కార్బన్‌ను అందుకున్నా ఒకే మీసో డైబ్రోమైడ్ వస్తుంది కనుక చూడడానికి ఏ తేడా కనిపించదు.

కాగితం మీద ఎంత గీసినా కంటికి కనిపించడం లేదు. ఏం చేయమంటారు?

చేత్తో కట్టి చూడండి. ఒకసారి సంక్రాంతి సెలవుల తరువాత ఒక విద్యార్థిని ఇంటి నుంచి రేగుపండ్లు తెచ్చింది. రెండు చిన్న ఆలుగడ్డ ముక్కలను కార్బన్లుగా తీసుకొని, వాటిని ఒక అగ్గిపుల్లతో కలిపి, ఒక్కో ముక్కకు మరో మూడు పుల్లలు గుచ్చాం. ఎర్రగా పండిన రేగుపండు Br, పచ్చిది OH, చిక్కుడు గింజ మిథైల్, ఏమీ గుచ్చని పుల్ల H. థ్రియో రూపాన్ని కట్టి, ఎర్ర పండు పైకి, పచ్చి పండు కిందికి, సరిగ్గా ఎదురెదురు దిక్కుల్లో వచ్చేవరకు మధ్య పుల్లను తిప్పాం. అప్పుడు రెండు చిక్కుడు గింజలూ ఒకే పక్కకు వచ్చి నిలిచాయి. పచ్చి పండును తీసేసి, ఎర్ర పండును రెండు ముక్కల మధ్యకు వంచి గుచ్చగానే, రెండు గింజలూ ఒకే ముఖం వైపు ఉన్న వలయం బల్ల మీద ప్రత్యక్షమైంది. ఎరిథ్రోను కట్టి అదే పని చేస్తే గింజలు చెరో పక్కకు పోయాయి. బొమ్మను తిప్పేటప్పుడు ఎర్ర, పచ్చి పండ్లను ఎదురెదురుగా తెచ్చాకే వంతెన కట్టాలన్నదొక్కటే నియమం, ఎందుకంటే లోన్ పెయిర్‌కు వెనక వైపు దారి ఆ భంగిమలోనే దొరుకుతుంది.

పోలరిమీటర్‌లో సున్నా వస్తే, అది మీసోనా, రేసిమిక్ డీఎల్‌నా ఎలా తెలుస్తుంది?

పోలరిమీటర్ ఒక్కటే చెప్పలేదు, రెండింటికీ సున్నానే చూపిస్తుంది. మీసో, డీఎల్ డయాస్టీరియోమర్లు కనుక వాటి మరుగుస్థానం, వక్రీభవన గుణకం, ఎన్ఎంఆర్ స్పెక్ట్రమ్ వేరువేరుగా ఉంటాయి. రసాయనికంగా తెలుసుకోవాలంటే జింక్‌తో బ్రోమిన్లను తొలగించి చూడవచ్చు: మీసో నుంచి ప్రధానంగా ట్రాన్స్-2-బ్యూటీన్, డీఎల్ నుంచి ప్రధానంగా సిస్-2-బ్యూటీన్ వస్తాయి. ముందు ఏ డయాస్టీరియోమరో నిర్ధారించుకొని, ఆ తరువాతే భ్రమణం గురించి మాట్లాడాలి.

హాలోజన్లన్నీ ఒకేలా సాయపడతాయా?

లేదు, తేడా చాలా పెద్దది. దీనిని సైక్లోహెక్సేన్ వలయం మీద కొలిచారు. ఒక కార్బన్ మీద హాలోజన్, పక్క కార్బన్ మీద బ్రోసిలేట్ అనే తేలికగా వెళ్ళిపోయే గ్రూపు ఉంచి, ఎసిటిక్ ఆమ్లంలో చర్యావేగం చూస్తారు. ట్రాన్స్ రూపంలో వలయం కుర్చీ ఆకారం తిప్పుకొని, రెండు గ్రూపులనూ ఆక్సియల్ స్థానాలకు తెచ్చుకోగలదు. అప్పుడు అవి ఎదురెదురుగా ఉంటాయి, లోన్ పెయిర్ వెనక నుంచి అందుకోగలదు. సిస్ రూపంలో కుర్చీని ఎన్నిసార్లు తిప్పినా ఒకటి ఆక్సియల్, మరొకటి ఈక్వటోరియల్‌గానే ఉంటాయి కనుక ఆ సాయం అందదు. అందువల్ల ట్రాన్స్ వేగాన్ని సిస్ వేగంతో భాగిస్తే వచ్చే సంఖ్యే పక్క గ్రూపు సాయానికి కొలత. అయోడిన్‌కు ఇది దాదాపు 27 లక్షలు, బ్రోమిన్‌కు సుమారు 800, క్లోరిన్‌కు నాలుగు కన్నా కొంచెం తక్కువ. ఎలక్ట్రాన్లను వదులుగా పట్టుకొనే పెద్ద పరమాణువు తేలికగా వంతెన కడుతుంది. క్లోరిన్ తన ఎలక్ట్రాన్లను గట్టిగా పట్టుకొని ఉంటుంది కనుక ఆ పని కష్టం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఏ ప్రత్యామ్నాయ గ్రూపూ లేని సాదా సైక్లోహెక్సైల్ బ్రోసిలేట్‌తో పోలిస్తే, ట్రాన్స్-2-బ్రోమో రూపం నిజానికి నెమ్మదిగానే చర్య జరుపుతుంది. బ్రోమిన్ ఒక చేత్తో లోన్ పెయిర్‌ను అందిస్తూనే, తన ఎలక్ట్రోనెగటివిటీ వల్ల ఇంకో చేత్తో కార్బన్ నుంచి ఎలక్ట్రాన్లను లాగుతుంది. కనుక వేగం పెరగలేదన్న ఒక్క కారణంతో పక్క గ్రూపు సాయం లేదని తీర్పు చెప్పకూడదు. సరైన పోలిక సిస్ రూపంతోనే. దానికి తోడు ఉత్పన్నం ట్రాన్స్‌గానే వచ్చిందా అన్నది చూస్తే సందేహం తీరుతుంది.

గంధకం హాలోజన్ల కన్నా ఎందుకు మేలైనది?

గంధకం పరమాణువు పెద్దది, దాని లోన్ పెయిర్ వదులుగా ఉంటుంది. ఎలక్ట్రాన్లను లాగే గుణం బ్రోమిన్, క్లోరిన్ల కన్నా తక్కువ. పైగా మూడు బంధాలతో ధనావేశం మోయడం గంధకానికి అలవాటైన పనే, మామూలు సల్ఫోనియం లవణాలన్నీ అలాంటివే. అందువల్ల పక్క కార్బన్ నుంచి అది కట్టే మూడు భుజాల అయాన్, అంటే ఎపిసల్ఫోనియం, తేలికగా ఏర్పడుతుంది. సైక్లోహెక్సేన్ మీద ట్రాన్స్-2-క్లోరో సల్ఫైడ్‌లు వాటి సిస్ జతల కన్నా లక్ష రెట్లకు పైస్థాయిలో వేగంగా చర్య జరుపుతాయి, ఉత్పన్నమూ ట్రాన్స్‌గానే ఉంటుంది. గంధకం స్థానంలో ఆక్సిజన్ ఉంటే, దాని ఎలక్ట్రాన్లు గట్టిగా పట్టి ఉండటం వల్ల ఇలాంటి మూడు భుజాల ఆక్సోనియం ఏర్పడటం చాలా కష్టం.

గొలుసు అణువుల్లో ఇది చర్యాగతిశాస్త్రం ద్వారా కూడా తెలుస్తుంది. పక్కన గంధకం ఉన్న క్లోరైడ్ నీటితో చర్య జరుపుతున్నప్పుడు, హైడ్రాక్సైడ్ కలిపినా వేగం పెరగదు. మెల్లగా జరిగే అడుగు అణువులోపలే, గంధకం క్లోరైడ్‌ను వెళ్ళగొట్టేటప్పుడే అయిపోతుంది కనుక, బయటివారు ఎందరున్నా లాభం లేదు. అదే క్లోరైడ్ అయాన్‌ను కలిపితే వేగం తగ్గుతుంది, ఎందుకంటే ఎపిసల్ఫోనియంను క్లోరైడ్ వెనక్కి మళ్ళించి మొదటి పదార్థాన్నే తిరిగి తయారుచేస్తుంది. ఈ రెండు పరిశీలనలూ కలిస్తే, మధ్యలో అయాన్ ఉందని గట్టిగా చెప్పవచ్చు.

1917 జూలైలో ఈప్ర్ దగ్గర మొదటిసారి యుద్ధంలో వాడిన మస్టర్డ్ గ్యాస్ అణువు చేసిన ఘోరానికి మూలం ఇదే చర్య. చర్మంలోని, కణాల్లోని న్యూక్లియోఫైల్‌లను ఆ ఎపిసల్ఫోనియం పట్టుకుంటుంది. పక్కన గంధకం ఉన్న క్లోరో సమ్మేళనాలు చాలావరకు చర్మాన్ని బొబ్బలెక్కించే గుణం ఉన్నవే కనుక, ఈ పాఠాన్ని ఏ విద్యార్థీ ల్యాబ్‌లో పరీక్షించాలని అనుకోవద్దు. ప్రాజెక్టుకు అడిగినవారికి నేను ఖచ్చితంగా వద్దనే చెబుతాను.

థయొనిల్ క్లోరైడ్‌తో కూడా విన్యాసం నిలుస్తుంది కదా, రెండింటినీ ఎలా వేరుచేయాలి?

పరీక్షల్లో ఎక్కువగా తికమక పెట్టేది ఇదే. థయొనిల్ క్లోరైడ్‌తో, క్షారం లేకుండా, ఒక ఆల్కహాల్ విన్యాసం నిలుపుకొని క్లోరైడ్‌గా మారినప్పుడు అక్కడ పక్క గ్రూపు అవసరమే లేదు. ఏర్పడిన క్లోరోసల్ఫైట్‌లోని క్లోరిన్ ముందు వైపు నుంచే చేరుతుంది. కనుక మొదట చూడవలసింది, చర్యాకేంద్రం పక్క కార్బన్ మీద లోన్ పెయిర్ ఉన్న గంధకం గానీ, బ్రోమిన్, అయోడిన్ గానీ ఉన్నాయా అన్నది. అవి ఉంటే తరువాత చూడవలసింది, అవి వెళ్ళిపోయే గ్రూపుకు ఎదురుగా రాగలవా అన్నది. అదీ కుదిరితే, పక్క గ్రూపు ఒక కార్బన్ నుంచి మరో కార్బన్‌కు మారిన ఉత్పన్నం లేదా రేసిమీకరణం కనిపిస్తుందేమో వెతకాలి. థయొనిల్ క్లోరైడ్ దారిలో అలాంటి మార్పిడి జరగదు.

ఇంకొక సంగతి కూడా గమనించండి. అదే 3-బ్రోమో-2-బ్యూటనాల్‌కు ఆమ్లం బదులు క్షారం కలిపితే కథ తిరగబడుతుంది. ఇప్పుడు వెళ్ళిపోయేది బ్రోమిన్, వెనక నుంచి అందుకొనేది ప్రోటాన్ కోల్పోయిన ఆక్సిజన్. బ్రోమోనియం రాదు, ఎపాక్సైడ్ వస్తుంది. ఈ ప్రశ్నను ఒక ఏడు మా తరగతి పరీక్షలో ఇచ్చినప్పుడు, HBr ప్రయోగాన్ని అక్షరం పొల్లుపోకుండా నేర్చుకున్నవారిలో సగానికి పైగా బ్రోమోనియం గీశారు. ఏ గ్రూపు వెళ్ళిపోతోందో మొదట గుర్తించి, దాని పక్క కార్బన్‌ను ఆ తరువాతే చూడాలని ఆ పేపర్లు దిద్దుతుండగా మార్జిన్‌లో మళ్ళీ మళ్ళీ రాయాల్సి వచ్చింది.